ఒకే ఫోటోలో మూడు ఛాయలు: నానమ్మ ముఖం రంగు ఎంత కలిపినా కుదరట్లేదు

చిన్నకుంచె

అందరికీ నమస్తే. పెన్సిల్‌తో ముఖాలు కాస్త బాగానే గీస్తాను, రంగులు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టా. మా ఇంట్లో ఆల్బమ్‌లో ఒక పాత కలర్ ఫోటో ఉంది, 80ల్లో తీసింది, అరుగు మీద నానమ్మ, తాతయ్య, మధ్యలో చిన్నప్పటి మా నాన్న. నానమ్మ మంచి నలుపు, తాతయ్య పసిమి ఛాయ, నాన్న చామనచాయ. ముగ్గురినీ ఒకే బోర్డు మీద వెయ్యాలని.

నా దగ్గర ఉన్నది స్టూడెంట్ అక్రిలిక్ సెట్, అందులో ఫ్లెష్ టింట్ అని ఒక ట్యూబ్ వచ్చింది. తాతయ్యకి దానిలో వైట్ కలిపా, గులాబీ రంగు వచ్చేసింది. నానమ్మకి అదే ఫ్లెష్ టింట్‌లో బ్రౌన్, బ్లాక్ కలిపా, ముఖానికి విభూతి పూసుకున్నట్టు అయ్యింది. ఇంకా ముదురు చేద్దామని బ్లాక్ పెంచితే రంగు చచ్చిపోతోంది, లేత చేద్దామని వైట్ పెంచితే మళ్ళీ బూడిద. అసలు ఏ ట్యూబులు తీస్కోవాలి, ఎంతెంత కలపాలి, ఎవరైనా లెక్క చెప్తారా?

గీతలగిరి

బ్రో సింపుల్. బ్లాక్ ట్యూబ్ తీసి డస్ట్‌బిన్‌లో వెయ్. పోర్ట్రెయిట్‌లో బ్లాక్ వాడకూడదు, ఇది రూల్. బర్న్ట్ అంబర్ ఒకటి కొనుక్కో, దాంట్లో వైట్ తక్కువ కలిపితే నానమ్మ, ఎక్కువ కలిపితే నాన్న, ఇంకా ఎక్కువ కలిపితే తాతయ్య. అయిపోయింది.

వరంగల్_వాటర్‌కలర్

వైట్ ఎందుకు కలుపుతున్నవ్ తమ్మీ? పేపర్ తెలుపే నీకు వైట్. నీళ్ళు ఎక్కువ పోస్తే లేత అయితది, తక్కువ పోస్తే ముదురు అయితది. నేను బర్న్ట్ సియెన్నా ఒక్కదాంతోనే మా ఇంట్ల అందరి ముఖాలు ఏసిన. ఒక లేయర్ ఎండినంక ఇంకో లేయర్ ఎయ్యాలె, తడి మీద తడి ఏస్తే మచ్చలు పడ్తయ్.

చిన్నకుంచె

అన్నా నాది అక్రిలిక్, బోర్డు మీద. నీళ్ళతో పల్చగా వేస్తే చారలు చారలుగా వస్తోంది.

వరంగల్_వాటర్‌కలర్

అరె అక్రిలిక్ అని సూడలే. అయితే నా ముచ్చట నీకు పనికిరాదు. కానీ లేయర్ల సంగతి మాత్రం యాదికుంచుకో.

ఓకర్‌అక్క

చిన్నకుంచె, ముందు ఆ ఫ్లెష్ టింట్ ట్యూబ్ వెనక తిప్పి చూడు. చిన్న అక్షరాల్లో పిగ్మెంట్ కోడ్‌లు ఉంటాయి. అందులో పి.డబ్ల్యు.6 అని కనపడితే అది టైటానియం వైట్, అంటే నువ్వు ట్యూబ్ నొక్కేసరికే అందులో బోలెడంత తెలుపు ఉన్నట్టు. దాన్ని బ్రౌన్, బ్లాక్ వేసి నానమ్మ రంగులోకి దింపాలంటే ఎంత వేసినా ఆ తెలుపు లోపల ఉండనే ఉంటుంది, అదే నీ బూడిద. ఆ ట్యూబ్ పక్కన పెట్టెయ్. ఈ ఫోటోలో తాతయ్యకి కూడా అది అక్కర్లేదు.

గిరి చెప్పిన దాంట్లో సగం నిజం. బర్న్ట్ అంబర్ నీడలకి చాలా మంచిది, నేనూ వాడతాను. కానీ అంబర్ అసలే డల్ రంగు, దాంట్లో వైట్ కలిపితే ఇంకా చల్లబడి బూడిద గోధుమ అవుతుంది. టైటానియం వైట్ రంగుని లేత చెయ్యడం ఒక్కటే కాదు, దాని వేడి కూడా తీసేస్తుంది, కాస్త నీలం వైపు లాగుతుంది. కాబట్టి వైట్ పెంచినప్పుడల్లా పోయిన వేడిని ఎల్లో ఓకరో ఎరుపో వేసి వెనక్కి తేవాలి. అది చెయ్యకుండా వైట్ మాత్రమే పెంచుకుంటూ పోతే నానమ్మ తాతయ్య అవ్వదు, నానమ్మే పాలిపోతుంది.

నీకు కావాల్సినవి ఐదు ట్యూబులు: బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, అల్ట్రామెరైన్ బ్లూ, టైటానియం వైట్, ఇంకా ఏదైనా ఒక ఎరుపు, వర్మిలియన్ లాంటిది. క్రిమ్సన్ ఉంటే నీడలకి ఉపయోగం, లేకపోయినా నడుస్తుంది. మీ సెట్‌లో ఇవన్నీ ఉండే ఉంటాయి.

ఇంకో సంగతి, ముగ్గురికీ మూడు వేరే వేరే రంగులు అనుకోకు. మనుషుల ఛాయలన్నీ నారింజ కుటుంబమే. కొందరిది ముదురు నారింజ, కొందరిది లేత నారింజ, ఒకరిది కాస్త పసుపు వైపు, ఒకరిది ఎరుపు వైపు, అన్నీ కొంచెం డల్ చేసినవే. బర్న్ట్ సియెన్నా అనేది ట్యూబ్‌లో దొరికే ముదురు డల్ నారింజ. అందుకే అందరం అక్కడి నుంచే మొదలెడతాం.

నెల్లూరు_చేప

ఇదే టాపిక్ కాబట్టి అడగతా ఉండా. మా వదిన పెళ్ళి ఫోటో చూసి ఒక పోర్ట్రెయిట్ వేస్తా ఉండా. ఆవిడది చామనచాయ. ఫోటోలో మేకప్ వేసి ముఖం ఒక రంగు, చేతులు ఒక రంగు. ఆవిడేమో "కొంచెం తెల్లగా వెయ్యి మరిదీ" అంటది. మా అన్నేమో ఉన్నది ఉన్నట్టు వెయ్యమంటాడు. ఎట్లా చేసేది?

బ్యానర్_బాబాయ్

ఒరే అబ్బాయ్, ఇంట్లో గొడవకి రంగులో మందు లేదు 😄 అయినా చెప్తా విను. ముఖానికీ మెడకీ చేతులకీ ఒకే గిన్నెలో కలిపిన రంగు తీసుకో. వదిన తెల్లగా కనపడాలంటే ముఖంలో వైట్ పొయ్యక్కర్లా, పక్కన ఉన్నవి ముదురు చెయ్యి. జుట్టు బాగా నల్లగా, చీర ముదురుగా, వెనకాల గోడ ముదురుగా వేస్తే అదే ముఖం వెలుగుతుంది. బెజవాడలో సినిమా బ్యానర్లు రాసినన్నాళ్ళు మేం చేసింది ఇదే. హీరో ముఖం లైటింగంతా వెనకాల బ్యాక్‌గ్రౌండ్‌లో ఉండేది.

ఇక మన చిన్నకుంచె సంగతి. అమ్మాయి చెప్పింది బాగుంది గానీ బ్లాక్‌ని పారేయమనడం ఏంటి గిరీ? స్వీడన్‌లో ఆండర్స్ జోర్న్ అని పెద్ద పోర్ట్రెయిట్ పెయింటర్ ఉన్నాడు, 1860లో పుట్టి 1920లో పోయాడు. ఆయన పేరు మీద ఒక పాలెట్టే నడుస్తోంది ఇవాళ్టికీ: వైట్, ఎల్లో ఓకర్, వర్మిలియన్, ఐవరీ బ్లాక్. నాలుగే. అందులో నీలం లేదు, ఆ బ్లాకే నీలం పని చేస్తుంది. బ్లాక్‌లో వైట్ కలిపి వర్మిలియన్ పక్కన పెట్టి చూడు, నీలంగా కనపడుతుందా లేదా. బ్లాక్‌లో ఓకర్ కలుపు, ఆకుపచ్చ వస్తుంది. గడ్డం కింద, చెవి వెనకాల ఆ పచ్చే కదా ఉండేది.

గీతలగిరి

బాబాయ్ జోర్న్ వేసింది స్వీడన్ వాళ్ళ ముఖాలు. తెల్ల తోలుకి పని చేస్తుంది, మన నానమ్మకి బ్లాక్ వేస్తే మసి పట్టినట్టే అవుతుంది. తనకి ఆల్రెడీ అదే అయ్యింది కదా.

బ్యానర్_బాబాయ్

తనకి అయ్యింది ఫ్లెష్ టింట్‌లో ఉన్న వైట్ వల్ల. వైట్ లేకుండా వర్మిలియన్, ఓకర్, బ్లాక్ మూడే కలిపి చూడమను, నిగనిగలాడే ముదురు గోధుమ రంగు రాకపోతే నన్నడుగు.

ఓకర్‌అక్క

బాబాయ్ గారూ, అది వస్తుంది, నేను కాదనను. నా ఇబ్బంది కొత్తగా నేర్చుకునే వాళ్ళతోనే. స్టూడెంట్ సెట్లలో వచ్చే బ్లాక్ ఐవరీ బ్లాక్ కాకపోవచ్చు. లాంప్ బ్లాక్, మార్స్ బ్లాక్ లాంటివి ఐవరీ కంటే చాలా బలంగా ఉంటాయి, బ్రష్ కొనతో ముట్టుకుంటే చాలు గిన్నెడు రంగుని మింగేస్తాయి. అల్ట్రామెరైన్ అయితే బర్న్ట్ సియెన్నాకి సరిగ్గా ఎదురు రంగు కాబట్టి ఎక్కువైనా వెంటనే తెలుస్తుంది, కాస్త సియెన్నా వేస్తే వెనక్కి వస్తుంది. చెయ్యి తిరిగాక బ్లాక్ తెచ్చుకోవచ్చు.

చిన్నకుంచె, ఇప్పుడు లెక్క. ఇది నానమ్మకి. పాలెట్ నైఫ్ ఉంటే దాంతో కలుపు, లేదంటే పాత బ్రష్‌తో. ఒక పాలు అంటే బఠాణీ గింజంత రంగు అనుకో.

బర్న్ట్ సియెన్నా నాలుగు పాళ్ళు, ఎల్లో ఓకర్ రెండు పాళ్ళు. ఇవి రెండూ కలిపితే మండిపోయే ఇటుక రంగు వస్తుంది, భయపడకు. ఇప్పుడు అల్ట్రామెరైన్ ఒక పాలు తీసి పక్కన పెట్టుకుని, దాంట్లోంచి కొద్దికొద్దిగా లాక్కుంటూ కలుపు. ఇటుక మంట తగ్గి గోధుమలోకి దిగుతుంటుంది. మొత్తం పాలు పట్టకపోవచ్చు, బర్న్ట్ సియెన్నా ఒక్కో కంపెనీది ఒక్కో రకంగా ఉంటుంది కదా. ఇంకా వేడి ఉందనిపిస్తున్నప్పుడే ఆపు. వైట్ అస్సలు వెయ్యకు. ఇది నానమ్మ మధ్య రంగు, ముఖంలో ఎక్కువ భాగం ఇదే.

దీన్ని మూడు కుప్పలు చెయ్. ఒక కుప్పని అలాగే ఉంచు. రెండో దాంట్లో ఇంకాస్త అల్ట్రామెరైన్, క్రిమ్సన్ ఉంటే కొసరంత, అది నీడ. మూడో దాంట్లో ఓకర్ రెండు పాళ్ళు, వర్మిలియన్ కొసరు, అవి కలిశాక మాత్రమే వైట్, అదీ ఒక పాలు దాటకుండా. అది వెలుగు పడే వైపు. లేత చెయ్యాలంటే ముందు ఓకర్, తర్వాతే వైట్. ఈ వరస తప్పకు, నీ బూడిద సమస్యకి ముప్పావు వంతు మందు ఇదే.

నాన్న చామనచాయకి ఇదే మధ్య రంగులో ఓకర్ ఇంకో రెండు పాళ్ళు, వైట్ ఒకటిన్నర, వర్మిలియన్ కొసరు. తాతయ్యకి మాత్రం తిరగేసి మొదలెట్టాలి. వైట్ ఐదారు పాళ్ళు తీసుకుని దాంట్లో ఓకర్ రెండు, బర్న్ట్ సియెన్నా అర, వర్మిలియన్ పావు, ఆఖర్న అల్ట్రామెరైన్ సూది మొనంత. లేత రంగులోకి ముదురు రంగు కలపాలి, ముదురు రంగుని లేత చెయ్యాలని చూస్తే డబ్బాలకి డబ్బాలు వైట్ ఖర్చయిపోతుంది.

చిన్నకుంచె

అక్కా థాంక్యూ, రాత్రి కూర్చుని చేశా. నానమ్మ రంగు మొదటిసారి ప్రాణం ఉన్నట్టు వచ్చింది. కానీ ఒక డౌట్. పాలెట్ మీద ఫోటోతో పక్కపక్కన పెట్టి చూసి సరిపోయిందనుకున్నాకే బోర్డు మీద వేశా, పొద్దున లేచి చూస్తే ఇంకా ముదురైపోయింది. పైగా ముగ్గురూ ఎర్రగా ఉన్నారు. తాతయ్య అయితే ఎండలో తిరిగొచ్చినట్టు ఉన్నాడు. ఫోటోతో మ్యాచ్ చేశా కదా మరి?

ఓకర్‌అక్క

ముదురు అవ్వడం అక్రిలిక్ గుణం. తడిగా ఉన్నప్పుడు అందులో జిగురు పాలలా తెల్లగా ఉంటుంది, ఎండాక అది అద్దంలా అయిపోతుంది, ఆ తెలుపు పోయి అసలు రంగు బయటపడుతుంది. ముదురు రంగుల్లో ఈ తేడా ఎక్కువ తెలుస్తుంది, కాబట్టి నానమ్మ దగ్గర ఎక్కువ, తాతయ్య దగ్గర తక్కువ. ప్రతి మిక్స్‌నీ ఒక చెత్త కాగితం మీద రాసి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, ఆరిన మచ్చనే ఫోటో పక్కన పెట్టి చూడు. తడి రంగు కాస్త లేతగా కనపడితేనే ఆరాక సరిపోతుంది.

ఎరుపు సంగతి నాకు ఫోటో మీదే అనుమానం. తాతయ్య పంచె తెల్లగా ఉందా ఫోటోలో?

చిన్నకుంచె

ఆగండి చూస్తా... అక్కా పంచె లేత గులాబీ రంగులో ఉంది!! ఇన్నాళ్ళూ గమనించనే లేదు. నానమ్మ చీర మీద ఆకుపచ్చ అంచు ఉండేదని నాన్న అంటాడు, ఫోటోలో అది గోధుమ రంగులో ఉంది.

ఓకర్‌అక్క

అదే. ఆ కాలం కలర్ ప్రింట్లలో మూడు రంగుల డైలు ఉంటాయి, మూడూ ఒకే వేగంతో వెలిసిపోవు. ఆల్బమ్ చీకట్లో ఉన్న ప్రింట్లలో ఎక్కువగా సయాన్ డై ముందు పోతుంది, అంటే నీలం పచ్చల వైపు ఉన్నది పోయి ఎరుపు మిగిలిపోతుంది. నువ్వు ఆ ఎరుపుని పొల్లుపోకుండా మ్యాచ్ చేశావు. రంగు కలపడంలో నీ తప్పేం లేదు.

ఇప్పుడు పంచెని ఆధారం చేసుకో. ఫోటోని ఫోన్‌లో తీసి, ఏ ఎడిటింగ్ యాప్‌లో అయినా వైట్ బ్యాలెన్స్ పంచె మీద పెట్టు, పంచె తెల్లబడేదాకా. మొత్తం సరిగా రాదు, పోయిన రంగు పోయినట్టే, కానీ ముఖాలు చాలావరకు దారిలోకి వస్తాయి. ఫోన్ స్క్రీన్ రాత్రిపూట పసుపు మోడ్‌లోకి వెళ్తుంది, అది ఆపు. ఆ తర్వాత ఇంట్లో ఉన్న మనుషుల్ని చూడు. నానమ్మ తమ్ముళ్ళు, మేనత్తలు ఎవరైనా ఉన్నారా? వాళ్ళ చేతిని కిటికీ వెలుతురులో చూస్తే ఫోటో చెప్పనిది చెప్తుంది.

చిన్నకుంచె

మేనత్త ఉంది, అచ్చు నానమ్మ ఛాయే. ఆదివారం కూర్చోబెడతా.

నెల్లూరు_చేప

ఇదేందక్కా, మా వదిన పెళ్ళి ఫోటో కూడా ఎర్రగానే ఉంది, అదేం పాతది కాదే, పోయిన సంవత్సరందే.

బ్యానర్_బాబాయ్

అది డై కాదబ్బాయ్, పెళ్ళి పందిరి ఎర్ర గుడ్డ. పైన ఎర్ర షామియానా ఉంటే ఎండ దాంట్లోంచి దిగి అందరి ముఖాలూ ఎర్రగా ఉంటాయి. అది అలాగే వేస్తే నిజం, తీసేస్తే అందం. నీ ఇష్టం.

వరంగల్_వాటర్‌కలర్

గిది మంచి పాయింట్ బాబాయ్. పసుపు రాసుకున్న ముఖాలకి కూడా గంతే. మా అమ్మమ్మ రోజూ పసుపు రాసుకుంటుండె, చెంపల మీద పచ్చగ మెరుస్తుండె. అది ఓకర్‌తోని రాలే నాకు. లెమన్ ఎల్లో శానా పల్చగ, ఆఖరి లేయర్‌గ ఏస్తే వచ్చింది.

ఓకర్‌అక్క

అక్రిలిక్‌లో కూడా అది చెయ్యొచ్చు, మీడియం కలిపి పల్చగా గ్లేజ్‌లా. నీళ్ళు ఎక్కువ పోస్తే చారలు వస్తాయి, తను మొదట చెప్పిన సమస్య అదే. జెల్ మీడియమో గ్లేజింగ్ మీడియమో చిన్న డబ్బా కొనుక్కో చిన్నకుంచె.

గీతలగిరి

సరే నేనొకటి అడుగుతా. ముఖం అంతా ఒకే మధ్య రంగుతో నింపితే ఫ్లాట్‌గా ఉండదా? నేను నేర్చుకున్న దాని ప్రకారం నుదురు పసుపు, చెంపలు ముక్కు ఎరుపు, గడ్డం నీలం. ఈ మూడు జోన్లు వేసేస్తే ముఖం రెడీ.

ఓకర్‌అక్క

జోన్లు ఉన్న మాట నిజమే గిరీ. నుదుటి దగ్గర ఎముక చర్మానికి దగ్గరగా ఉంటుంది, రక్తం తక్కువ కనపడుతుంది కాబట్టి పసుపు వైపు ఉంటుంది. ముక్కు, చెంపలు, చెవుల్లో రక్తం ఎక్కువ, ఎరుపు. మగవాళ్ళ గడ్డం కింద వెంట్రుకల మొదళ్ళ వల్ల నీలం బూడిద. తాతయ్యకి ఇది బాగా పనికొస్తుంది, లేత చర్మంలో ఇవన్నీ పైకి కనపడతాయి. గీసిన గడ్డం దగ్గర ఆ లేత మిక్స్‌లో అల్ట్రామెరైన్ ఇంకో చుక్క చాలు.

నానమ్మ దగ్గర మాత్రం ఈ తేడాలు చాలా సన్నగా ఉంటాయి. ముదురు చర్మంలో లోపలి రక్తం రంగు అంతగా బయటికి రాదు, దానికి బదులు పైన పడే వెలుతురు ఎక్కువ కనపడుతుంది. మెరుపులు చూడు. నుదుటి మీద, ముక్కు దూలం మీద, చెంప ఎముక మీద మెరిసే చోట చర్మం రంగు ఉండదు, ఆ వెలుతురు రంగే ఉంటుంది. అరుగు మీద కూర్చున్నారన్నాడు, చూరు కింద ఎండ నేరుగా పడదు, ఆకాశం వెలుగే వస్తుంది, కాబట్టి నానమ్మ మెరుపులు కాస్త నీలంగా ఉండాలి. వెలుగు కుప్పలో వైట్, అల్ట్రామెరైన్ చుక్క వేసి చల్లగా చేసి, ఆ మెరుపు మాత్రం ఒక్క దెబ్బలో పెట్టి వదిలెయ్. ఇక్కడ ఆ బూడిద నీలం తప్పు కాదు, అదే కావాలి. చాలామంది నల్లటి ముఖానికి మెరుపు కూడా పసుపుగానో నారింజగానో పెట్టేస్తారు, ముఖానికి నూనె కాదు, రాగి పూసినట్టవుతుంది.

చిన్నకుంచె

అంటే మొదట నాకు వచ్చిన బూడిద రంగు మెరుపుకి వాడుకోవచ్చా? గిన్నెలో చాలా మిగిలింది 😅

ఓకర్‌అక్క

వాడుకో, కానీ ముందు మధ్య రంగు ఆరిపోనీ. తడిలో పెడితే మళ్ళీ కలిసిపోతుంది.

ఇంకో చిన్న పని చెయ్. ముగ్గురి మిక్స్‌లూ ఆరిన చెత్త కాగితాన్ని, సరిచేసిన ఫోటోనీ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో ఒకే ఫోటో తీసి దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడు. రంగు ఏ వైపు ఉందో పక్కన పెట్టు, ముదురు లేత సరిపోయిందా అని మాత్రమే చూడు. అది సరిపోతే రంగు కాస్త అటూ ఇటూ అయినా మనిషి పోలిక పోదు. అది తప్పితే ఎంత అందమైన గోధుమ రంగు కలిపినా నానమ్మ నానమ్మలా ఉండదు.

చిన్నకుంచె

చేశా. తాతయ్య సరిపోయింది. నాన్న కాస్త లేతగా ఉన్నాడు. నానమ్మ వెలుగు వైపు బాగానే ఉంది గానీ నీడ వైపు నేను వేసినదానికంటే ఫోటోలో ఇంకా చాలా ముదురుగా ఉంది. ఇంకా అల్ట్రామెరైన్ వేస్తే నీలంగా అయిపోతుందేమో అని భయంగా ఉంది.

ఓకర్‌అక్క

అల్ట్రామెరైన్ ఒక్కటే పెంచకు, దాంతో పాటు బర్న్ట్ సియెన్నా కూడా వెయ్యి, దాదాపు సగం సగం అయ్యేదాకా. అవి రెండూ కలిస్తే బ్లాక్‌కి చాలా దగ్గరగా వెళ్తుంది. సియెన్నా కాస్త ఎక్కువ ఉంచితే వేడి నలుపు. ఓకర్ మాత్రం అందులో వెయ్యకు. ఓకర్ పిండిలా కప్పేసే రంగు, నీడని పైకి తెచ్చేస్తుంది. అలాగే బోర్డు తెల్లగా ఉందా? తెల్ల బోర్డు మీద ఏ రంగు వేసినా అసలు కంటే ముదురుగా అనిపిస్తుంది, అందుకే నువ్వు నీడల్లో భయపడి ఆగిపోతున్నావు. ఇంకొకటి మొదలుపెట్టినప్పుడు ముందే పల్చటి బర్న్ట్ సియెన్నాతో బోర్డంతా ఒక పూత వేసి ఆరబెట్టుకో. ఇప్పుడున్న దానికి కనీసం వెనకాల గోడ రంగైనా ముందు నింపెయ్, తెలుపు మిగలకుండా.

బ్యానర్_బాబాయ్

నేనైతే ఆ నీడలో ఒక చుక్క బ్లాక్ వేసేవాణ్ణి, ఐదు నిమిషాల్లో అయిపోయేది. బ్యానర్ మీద నలభై అడుగుల ముఖానికి సియెన్నా, అల్ట్రామెరైన్ సగం సగం కలుపుతూ కూర్చుంటే ఓనరు కూలి ఇవ్వడు.

ఓకర్‌అక్క

బాబాయ్ గారూ, నలభై అడుగుల ముఖాన్ని రోడ్డుకి అవతలి నుంచి చూస్తారు, ఈ అబ్బాయి బోర్డుని మూరెడు దూరం నుంచి చూస్తారు. మీ బ్లాక్ దూరానికి లోతుగా కనపడుతుంది, దగ్గరికి వస్తే కన్నం పడినట్టు ఉంటుంది.

బ్యానర్_బాబాయ్

అది చేతిని బట్టి. నువ్వు బ్లాక్‌ని ఉత్తగా వేస్తావనుకుంటున్నావు. నేను వర్మిలియన్ కలపకుండా బ్లాక్ ముఖం మీద ఎప్పుడూ పెట్టలా. సర్లే, మన ఇద్దరికీ ఇది తెగదు.

గీతలగిరి

నేను ఇంట్లో ట్రై చేశా బాబాయ్ మీ వర్మిలియన్, ఓకర్, బ్లాక్. మీరు చెప్పినట్టు ముదురు గోధుమ వచ్చిన మాట నిజమే, ఒప్పుకుంటున్నా. కానీ నాది లేత చేస్తే పచ్చగా తిరుగుతోంది. ఎందుకు?

బ్యానర్_బాబాయ్

ఓకర్‌లో బ్లాక్ ఎక్కువైంది. వర్మిలియన్ పెంచు. పచ్చ కనపడిందంటే ఎరుపు తక్కువైందని, ఊదా కనపడిందంటే పసుపు తక్కువైందని, నారింజ మండుతోందంటే నీలమో బ్లాకో తక్కువైందని. ఏది ఎక్కువైందో దాన్ని తియ్యలేం కదా, దాని ఎదురుది వెయ్యడమే.

చిన్నకుంచె

అక్కా, బాబాయ్ గారూ, ఆదివారం మేనత్తని కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఆరిన మచ్చల కాగితం చేతి పక్కన పెట్టి చూశా. ఫోటో సరిచేశాక కలిపిన మధ్య రంగు దాదాపు సరిపోయింది, కాస్త ఎరుపు తగ్గించాల్సి వచ్చింది, ఓకర్ ఇంకో పాలు పట్టింది. ఒక వింత ఏంటంటే అత్త అరచెయ్యి చేతి మీది రంగు కంటే చాలా లేతగా, గులాబీగా ఉంది. ఫోటోలో నానమ్మ చెయ్యి నాన్న భుజం మీద ఉంది, వేళ్ళ లోపలి వైపు కనపడుతోంది. నేను అక్కడ కూడా ముఖం రంగే వేసేశా. దానికి తాతయ్య మిక్స్ వాడొచ్చా?

ఓకర్‌అక్క

తాతయ్య మిక్స్ వద్దు, అతికించినట్టు ఉంటుంది. నానమ్మ వెలుగు కుప్పే తీసుకుని అందులో వర్మిలియన్, వైట్ కలుపు, సూది మొనంత క్రిమ్సన్. అరచేతి గీతల్లో, వేళ్ళ కణుపుల్లో మాత్రం నానమ్మ మధ్య రంగుని సన్నగా లాగు. గోళ్ళకి కూడా ఇదే, కాస్త ఎక్కువ గులాబీతో. పెదాలకి కూడా ఇక్కడి నుంచే వెళ్ళు, వేరే ఎరుపు ట్యూబ్ ముట్టుకోకు. పై పెదవి నీడలో ఉంటుంది కాబట్టి మధ్య రంగులో క్రిమ్సన్, కింది పెదవికి ఈ అరచేతి మిక్స్ కాస్త ముదురుగా.

నెల్లూరు_చేప

మా వదినకి బాబాయ్ చెప్పినట్టు వెనకాల గోడ ముదురు చేశానక్కా. ఆవిడకి నచ్చింది. మా అన్న మాత్రం గోడ అట్లా లేదంటాడు.

వరంగల్_వాటర్‌కలర్

చిన్నకుంచె తమ్మీ, నానమ్మ బొట్టు ఎప్పుడు ఏస్తవ్? ముందే ఏస్తే మంచిగుంటది అంటరు కొందరు. నేనైతే ఆఖర్న ఏస్త.

చిన్నకుంచె

ఇంకా వెయ్యలేదన్నా. వేస్తే పక్కన చర్మం రంగు డల్‌గా అయిపోతుందేమో అని ఆగా.

ఓకర్‌అక్క

అవుతుంది. అందుకే ముందే వెయ్యి, ఉత్త వర్మిలియన్‌తో ఒక గుర్తులా. అంత గట్టి ఎరుపు పక్కన పెట్టుకుని చూస్తేనే నుదుటి రంగు ఎంత డల్ కావాలో తెలుస్తుంది. బొట్టు లేకుండా ముఖం సరిచేసి, ఆఖర్న బొట్టు పెట్టాక అంతా మళ్ళీ సరిచేసుకోవాల్సి వస్తుంది. వాటర్‌కలర్‌లో ఆఖర్న వేస్తారు, అక్కడ తడికి పాకుతుంది కాబట్టి. అక్రిలిక్‌లో ఆ భయం లేదు, ఆరాక నచ్చకపోతే దాని మీదే మళ్ళీ వేసుకోవచ్చు.